రెండో కరెంటు కంపెనీ మన వీధికి ఎందుకు రాదు?

ప్రశ్న: మాది హనుమకొండ. సిమ్ నచ్చకపోతే వేరే కంపెనీకి మార్చుకుంటున్నాం, ఇంటర్నెట్‌కు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. కరెంటుకు మాత్రం ఎన్‌పీడీసీఎల్ ఒక్కటే, నల్లాకు కార్పొరేషన్ ఒక్కటే. రెండో కంపెనీని రానిస్తే పోటీ వచ్చి రేటు తగ్గదా? పైగా వాడినా వాడకపోయినా ఈ ఫిక్స్‌డ్ చార్జీ ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

రానివ్వకపోవడం అనేది చట్టంలో లేదండి. 2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ చదవండి, ఒకే ఊళ్లో ఇద్దరికి పంపిణీ లైసెన్సు ఇవ్వొచ్చని రాసే ఉంది. కాకపోతే ఒక షరతు, వచ్చేవాడు తన సొంత లైన్లు తానే వేసుకోవాలి. చట్టం వచ్చి 20 ఏళ్లు దాటింది, వరంగల్‌లో రెండో వరస స్తంభాలు పాతడానికి ఏ కంపెనీ దిగలేదు. ఎందుకు దిగలేదో తెలియాలంటే రాజకీయం కాసేపు పక్కన పెట్టి ఎస్టిమేటు వేసి చూడాలి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లైన్ల ఎస్టిమేట్లు వేసినవాణ్ణి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక వీధి తీసుకుందాం, కిలోమీటరు పొడవు, 80 ఇళ్లు. 40 మీటర్లకు ఒకటి చొప్పున పాతిక స్తంభాలు, వాటి మీద ఇళ్లకు కరెంటు ఇచ్చే ఎల్‌టీ తీగలు, మొదట్లో గద్దె మీద 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దానిదాకా వచ్చే లెవెన్ కేవీ లైను ముక్క, ఆ లైనును విడదీసే ఏబీ స్విచ్, ఎర్తింగు, కూలీ. అన్నీ కలిపి 16 లక్షలు అనుకుందాం. ఇది లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్న గుండు అంకె, ఎవరి ఎస్టిమేటులోదీ కాదు. అప్పు మీద వడ్డీ, తరుగు, మరమ్మతులు, పెట్టుబడికి కొంచెం లాభం కలిపి ఏడాదికి 15 శాతం వేసుకుంటే 2 లక్షల 40 వేలు, అంటే నెలకు 20 వేలు. 80 ఇళ్లకు పంచితే ఇంటికి 250. ఇంటికి సగటున 150 యూనిట్లు కాలితే యూనిట్‌కు రూపాయి 67 పైసలు తీగ ఖర్చు. కరెంటు కొనుగోలు 5 రూపాయలు అనుకోండి. మొత్తం 6 రూపాయల 67 పైసలు.

ఇప్పుడు రెండో కంపెనీ వచ్చింది, చెరి 40 ఇళ్లు పంచుకున్నారు. వాడి ఖర్చు 8 లక్షలు అవుతుందా? కాదు కదా. ఇల్లు విడిచి ఇల్లు వాడి కస్టమర్ అయినా సరే, చివరి ఇంటిదాకా పోవాలంటే ఆ పాతిక స్తంభాలూ వాడికి కావాల్సిందే. తీగ కాస్త సన్నది వేస్తాడు, ట్రాన్స్‌ఫార్మర్ 100 బదులు 63 పెడతాడు, మహా అయితే ఒక లక్ష మిగులుతుంది. 15 లక్షలు, మళ్లీ 15 శాతం, నెలకు 18,750. దాన్ని 40 ఇళ్ల మీద వేస్తే ఇంటికి సుమారు 469, యూనిట్‌కు 3 రూపాయల 12 పైసలు. పాత కంపెనీ పరిస్థితి ఇంకా కనాకష్టం, ఎందుకంటే దాని 16 లక్షలు ఎప్పుడో భూమిలో పాతేశారు, కస్టమర్లు సగం పోయారని స్తంభాలు సగం పీక్కుపోలేరు.

పోటీ వల్ల వచ్చే లాభం ఎంతో కూడా చూడండి. కొత్తవాడు చాలా తెలివైనవాడు, కరెంటు కొనడంలో పదో వంతు ఆదా చేశాడు అనుకుందాం. 5 రూపాయల మీద 50 పైసలు. తీగ రెండుసార్లు వేసినందుకు పెరిగింది రూపాయి 45 పైసలు. పోటీ బ్రహ్మాండంగా నడిచినా యూనిట్‌కు 95 పైసలు మీకే నష్టం. ఒక్కడే అందరికీ సరఫరా చేస్తే అయ్యే ఖర్చు, ఇద్దరు పంచుకుని చేస్తే అయ్యే మొత్తం ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువగా ఉండే వ్యాపారాన్నే ఎకనామిక్స్‌లో సహజ గుత్తాధిపత్యం అంటారు. ఒకడు మిగతావాళ్లను తొక్కేసి సంపాదించుకున్న గుత్తాధిపత్యం వేరు, ఇది వేరు. ఇక్కడ ఖర్చు తీరే అలాంటిది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకొక తమాషా ఉంది. ఒక్కో మీటర్ మీద 2 కిలోవాట్ల లోడ్ రాసి ఉంటే 80 ఇళ్లకు 160 కిలోవాట్లు కావాలి, మరి 100 కేవీఏ ఎలా సరిపోతోంది? అందరూ ఒక్కసారి వాడరు కాబట్టి. ఒకరింట్లో గీజర్ నడిచేటప్పుడు పక్కింట్లో ఇంకా నిద్ర లేవరు, ఒకరు మోటర్ వేసే టైముకు ఇంకొకరు ఇంటికి తాళం వేసి ఆఫీసుకు పోతారు. ఇళ్లు ఎంత ఎక్కువైతే ఈ సర్దుబాటు అంత బాగా కుదురుతుంది. అదే 40 ఇళ్లు విడదీస్తే సర్దుబాటు కొంత చెడుతుంది, అందుకే 50 కేవీఏతో గట్టెక్కుదాం అనుకోలేక 63 పెట్టాల్సి వస్తుంది. రెండు 63లు కలిపి 126, ఒకటే ఉన్నప్పుడు 100తో అయిపోయింది. పైగా ఎవరూ కరెంటు వాడకపోయినా ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌లో రాత్రీ పగలూ కొంత కరెంటు వేడి కింద పోతూనే ఉంటుంది, రెండు పెడితే అదీ పెరుగుతుంది. వీధి స్థాయిలో కనిపించే ఈ లెక్క సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు వచ్చే లైనుకు, అంటే ఫీడర్‌కూ, 33/11 సబ్‌స్టేషన్‌కూ, అలా పైదాకా వర్తిస్తుంది.

మీరు ఇంటర్నెట్ సంగతి అడిగారు, మంచి ప్రశ్న. ఒకసారి మీ వీధి మూల మీద స్తంభం కేసి తలెత్తి చూడండి. నల్లటి ఫైబర్ కేబుళ్లు, వాటి చుట్టలు, డబ్బాలు, తెగిన టీవీ వైర్లు ఎన్ని వేలాడుతున్నాయో. ఆ నలుగురు ఇంటర్నెట్ వాళ్లలో వీధి వీధికీ సొంత స్తంభాలు పాతుకున్నవాళ్లు ఎందరు? ఎక్కువమంది కరెంటు స్తంభాల మీదే పోతారు, కొందరు అద్దె కట్టి, కొందరు కట్టకుండా. ఫైబర్ తీగ బరువుండదు, షాక్ కొట్టదు, వేలి లావు కేబుల్‌లో వీధంతా సరిపోతుంది. అసలు ఖర్చయిన స్తంభం ముందే ఉంది. అంటే మీరు చూసే ఆ పోటీ ఒక గుత్తాధిపత్యం భుజాల మీద ఎక్కి నడుస్తోంది. నాలుగు కంపెనీలూ ఎవరి స్తంభాలు వాళ్లే పాతుకోవాలి అంటే మీ వీధికి ఒక్కరు వచ్చినా గొప్పే. సెల్‌ఫోన్‌కు ఇంటింటికీ తీగే అక్కర్లేదు, ఒక్కో టవర్ మీద ఇద్దరు ముగ్గురు యాంటెన్నాలు పెట్టుకుంటారు, అందుకే అక్కడ పోటీ నిలబడింది.

మరి కరెంటు కంపెనీలు కూడా అదే స్తంభం మీద రెండో సెట్ తీగలు వేసుకోవచ్చు కదా అని అడుగుతారు. ఇక్కడ లైన్‌మన్ ప్రాణం సంగతి వస్తుంది. స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ తీసుకోవాలి, అంటే ఆ ఫీడర్ బంద్ చేశామని, మళ్లీ నువ్వు చెప్పేదాకా చార్జ్ చేయబోమని మాట తీసుకోవడం. తర్వాత ఏబీ స్విచ్ తెరిచి, తీగలో మిగిలిన కరెంటును భూమిలోకి దించే డిశ్చార్జ్ రాడ్ వేసి, అప్పుడు ఎక్కాలి. ఇప్పుడే రెండు ఫీడర్లు ఒకే స్తంభం మీద పోయే చోట, ఒకదానికి ఎల్‌సీ తీసుకుని రెండోది కూడా చచ్చిందనుకుని చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఎవరింట్లోనో జనరేటర్ సరిగ్గా కలపక వెనక్కి కరెంటు వచ్చి పోయినవాళ్లూ ఉన్నారు. రెండు కంపెనీలు, రెండు సబ్‌స్టేషన్లు, ఒకరి ఫోన్ ఒకరు ఎత్తని ఇద్దరు ఆపరేటర్లు, మధ్యలో స్తంభం మీద మనిషి. చేయలేమని కాదు, చేయాలంటే ఇంకో పెద్ద ఏర్పాటు కావాలి, ఆ ఖర్చూ మీ బిల్లులోకే వస్తుంది.

సరే, నష్టమని తెలిసీ ఎవడో మొండిగా వచ్చాడనుకోండి, ఏమవుతుంది? దీనికి లండన్ నీళ్ల కంపెనీల కథ చూడాలి, ఇది నిజంగా జరిగినదే. 1800 తర్వాత మొదటి పదేళ్లలో అక్కడ కొత్త నీటి కంపెనీలు పుట్టుకొచ్చి, పాత కంపెనీల పైపులున్న వీధుల్లోనే తమ పైపులు పరిచాయి. ఇంటింటికీ తిరిగి మా నల్లా పెట్టించుకోండని బతిమాలారు, రేట్లు తెగ్గోశారు. జనం అటూ ఇటూ మారారు, కొన్నేళ్లు పండగే. ఎందుకంటే పైపు పరిచాక ఇంకొక ఇంటికి నీళ్లు ఇవ్వడానికి కొత్తగా పెద్దగా ఖర్చు ఉండదు, అందుకని ఎంత తక్కువకైనా ఇవ్వడానికి తెగిస్తారు. కానీ ఆ రేటుతో పైపు డబ్బులు తిరిగి రావు. అందరూ నష్టాల్లో మునిగారు. 1817 నాటికి కూర్చుని మాట్లాడుకుని ఊరిని పంచేసుకున్నారు, ఈ పేటలు నీవి, ఆ పేటలు నావి. తర్వాత రేట్లు పెంచారు. గ్యాస్ కంపెనీలదీ అదే దారి. 1860లో పార్లమెంటే చట్టం చేసి ఒక్కో పేటను ఒక్కో గ్యాస్ కంపెనీకి కట్టబెట్టింది. ఆ చట్టానికి ముందే, ఇలాంటి పోటీ చూసే ఆర్థికవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1848లో, లండన్‌కు గ్యాస్, నీళ్లు ఒక్కొక్క కంపెనీయే ఇస్తే ఎంత శ్రమ ఆదా అవుతుందో అని రాశాడు.

మన 80 ఇళ్ల వీధిలో కూడా అంతే. ఇద్దరి అసలు ఖర్చు యూనిట్‌కు 8 రూపాయల పైన, కానీ తీగ డబ్బు ఎలాగూ పోయింది కాబట్టి 5 రూపాయల పైన ఎంత వచ్చినా మేలే అని ఇద్దరూ తగ్గిస్తూ పోతారు. ఏడాదో రెండేళ్లో మీరు 5 రూపాయల 20 పైసల కరెంటు వాడి సంబరపడతారు. తర్వాత ఒకడు చేతులెత్తేస్తాడు, రెండోవాడు వాడి స్తంభాలు కూడా కొనేస్తాడు. మిగిలేది ఒక్క కంపెనీ, రెండు వరసల స్తంభాలు.

ఇప్పుడు మీ ఫిక్స్‌డ్ చార్జీకి వద్దాం, అది ఈ లెక్కలోంచే పుడుతుంది. నెలకు 20 వేల తీగ ఖర్చు అన్నాను కదా, అది మీరు 10 యూనిట్లు కాల్చినా 300 కాల్చినా మారదు. కొంచెం ఎక్కువ వాడినందుకు కంపెనీకి నిజంగా పెరిగే ఖర్చు ఆ కొన్న కరెంటు 5 రూపాయలే. కాబట్టి రేటు 5 రూపాయలే పెడితే ఆ 20 వేలు ఎవరూ కట్టరు, కంపెనీ మూతపడుతుంది. మొత్తం యూనిట్లలోనే కలిపేస్తే, ఇల్లు తాళం వేసి అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉన్నవాడు ఒక్క పైసా కట్టడు, కానీ వాడి ఇంటి ముందు స్తంభం, వాడి కోసం ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంచిన జాగా అలాగే ఉంటాయి. వాడి వాటా పక్కవాళ్ల మీద పడుతుంది. పోనీ మొత్తం ఫిక్స్‌డ్ చేసి ఇంటికి 250 చొప్పున వేద్దామా అంటే, రెండు బల్బులు ఒక ఫ్యాను ఉన్న అద్దె గదివాడూ, నాలుగు ఏసీల బంగళావాడూ ఒకటే కట్టాలి. అందుకని మధ్యే మార్గంగా కొంత భాగం మీ కిలోవాట్ల లోడ్‌ను బట్టి ఫిక్స్‌డ్‌గా, మిగతాది యూనిట్ల మీద వేస్తారు. మన దగ్గర ఇళ్లకు ఈ ఫిక్స్‌డ్ భాగం నిజానికి చాలా తక్కువ, తీగ ఖర్చులో ఎక్కువ భాగం ఇంకా యూనిట్ రేట్లోనే దాగి ఉంది. ఎంత భాగం ఎటు వేయాలి అన్నది తగువే, నాకైతే ఇళ్లకు ఇప్పుడున్న తీరు మరీ అన్యాయంగా ఏమీ అనిపించదు.

ఒక్కటే కంపెనీ అంటే సర్కారు కంపెనీయే కావాలని కూడా లేదు, ఈ రెండూ కలిపి తిట్టేవాళ్లు చాలామంది. మన పక్కనే సిరిసిల్ల చూడండి. అక్కడ 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ సెస్ అంటారు, అదే లైన్లు చూస్తుంది, అదే బిల్లులు వసూలు చేస్తుంది. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గానికి ఎన్నికలు కూడా పెడతారు. కరెంటు మాత్రం మన ఎన్‌పీడీసీఎల్ దగ్గర టోకున కొంటుంది. ఢిల్లీలో 2002 నుంచి ప్రైవేటు కంపెనీలు, కోల్‌కతాలో అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే ప్రైవేటు. యజమాని ఎవరైనా ఒక వీధికి ఒకటే లైను. యజమాని మారితే లెక్క మారదు.

ఒకే ఊళ్లో ఇద్దరు నిజంగా ఉన్న చోటు ముంబై. శివార్లలో రిలయన్స్ లైన్లు ఉండగా, పాత లైసెన్సు ఉన్న టాటా పవర్ కూడా ఇళ్లకు అమ్ముకోవచ్చని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత లక్షల మంది టాటాకు మారారు, కానీ ఎలా? చాలావరకు ఇంటికొచ్చే తీగ మారలేదు, అది రిలయన్స్‌దే. బిల్లు టాటాది, తీగ వాడుకున్నందుకు రిలయన్స్‌కు వీలింగ్ చార్జీ. ఆ వీలింగ్ ఎంత, ఎక్కువ రేటు కట్టే పెద్ద కస్టమర్లు వెళ్లిపోతే మిగిలిన పేదవాళ్ల సబ్సిడీ భారం ఎవరు మోయాలి, టాటా సొంత తీగలు ఎక్కడ వేయాలి ఎక్కడ వద్దు అని ఏళ్ల తరబడి రెగ్యులేటర్ ముందు, కోర్టుల్లో కొట్లాట. రిలయన్స్ ఆ వ్యాపారాన్ని 2018లో అదానీకి అమ్మేసింది, తగువు మాత్రం వారసత్వంగా వచ్చింది.

ముంబై నుంచి తెలుసుకోవలసింది ఏంటంటే, గుత్తాధిపత్యం తీగది, కరెంటుది కాదు. ఉత్పత్తిలో పోటీ హాయిగా నడుస్తుంది. 1999లో మన పాత విద్యుత్ బోర్డును ముక్కలు చేసి జెన్‌కో, ట్రాన్స్‌కో అని విడదీసి, 2000లో నాలుగు పంపిణీ కంపెనీలు పెట్టింది ఈ ఆలోచనతోనే. అలా వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ పాత జిల్లాలు ఐదూ కలిపి వరంగల్ కేంద్రంగా మన ఉత్తర కంపెనీ, అంటే ఎన్‌పీడీసీఎల్, పుట్టింది. ఇప్పుడు 1 మెగావాట్ పైన లోడ్ ఉన్న ఫ్యాక్టరీ తీగకు అద్దె కట్టి కరెంటు ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, సోలార్ లాంటి కరెంటుకైతే 2022 నిబంధనలు ఆ పరిమితిని 100 కిలోవాట్లకు దించాయి. బ్రిటన్‌లో 1999 నుంచి మామూలు ఇళ్లకు కూడా అమ్మేవాణ్ణి మార్చుకునే వీలుంది. 2021లో గ్యాస్ రేట్లు ఆకాశానికంటినప్పుడు అక్కడ పాతిక పైచిలుకు అమ్మకం కంపెనీలు దివాలా తీశాయి, అయినా ఒక్క ఇంట్లో లైటు ఆరలేదు, ఎందుకంటే తీగ కంపెనీలు అవేమీ కావు, అవి ఎవరి ప్రాంతంలో అవి ఎప్పట్లాగే ఉన్నాయి.

అదే పద్ధతి ఇక్కడ ఇళ్లకు పెడితే? పెట్టొచ్చు, కానీ ముందు ఒక చిక్కు విప్పాలి. కొత్తగా వచ్చేవాడు నక్కలగుట్ట, సుబేదారి వైపు షోరూములకు, ఆసుపత్రులకు వస్తాడు, ఏటూరునాగారం, తాడ్వాయి అడవి అంచు గూడేలకు రాడు. అక్కడ ఇంటికి ఇంటికి మధ్య ఐదారు స్తంభాలు, గాలి దుమారం వస్తే చెట్టు పడుతుంది, నెలకు 40 యూనిట్ల వాడకం. అడిగినవాడికి కనెక్షన్ ఇచ్చి తీరాలనే బాధ్యత పంపిణీ లైసెన్సుతో పాటే వస్తుంది, దాన్ని ఇన్నాళ్లూ మోసింది హనుమకొండ షోరూముల బిల్లులే. పైగా మన ఉత్తర కంపెనీ మీద బావి మోటర్ల లోడ్ చాలా ఎక్కువ, హైదరాబాద్ లాంటి ఖరీదైన కస్టమర్లు దక్షిణ కంపెనీకి పోయారు. ఈ సబ్సిడీ లెక్క బిల్లులోంచి తీసి సర్కారు బడ్జెట్లో తెల్లగా చూపించకుండా అమ్మకంలో పోటీ తెరిస్తే, బాగున్న కస్టమర్లు జారుకుంటారు, గూడేల ఖర్చు మిగిలిన మధ్యతరగతి మీద పడుతుంది. 2022లో పార్లమెంటులో పెట్టిన సవరణ బిల్లు మీద ఉద్యోగులు, కొన్ని రాష్ట్రాలు గొడవ చేసింది ముఖ్యంగా ఇందుకే.

నీళ్ల గురించి రెండు ముక్కలు. పైపులో ఈ గుత్తాధిపత్యం కరెంటు కంటే గట్టిది. 100 మిల్లీమీటర్ల పైపు బదులు 200 వేస్తే, అదే వాలులో నీళ్లు రెండింతలు కాదు, సుమారు ఆరింతలు పోతాయి, ఎందుకంటే పైపు నోరు నాలుగింతలవుతుంది, పైగా గోడకు రాసుకునే నీటి వాటా తగ్గిపోతుంది. కందకం తవ్వే ఖర్చు, తవ్విన సీసీ రోడ్డు మళ్లీ పోసే ఖర్చు మాత్రం ఇంచుమించు అంతే. ఇద్దరు చెరొక చిన్న పైపు వేయడం కంటే పిచ్చిపని ఉండదు. పైగా కరెంటులో లాగా ఒకే తీగలో పదిమంది కరెంటు పోయి మీటర్ల మీద లెక్క తేల్చుకునే వీలు నీళ్లకు అంత సులభం కాదు. వెయ్యి లీటర్లు అంటే టన్ను బరువు, దూరం నుంచి పంప్ చేస్తే పంపు బిల్లే మింగేస్తుంది. ధర్మసాగర్ నీళ్లూ ఇంకొకడి బోరు నీళ్లూ ఒకే పైపులో కలిస్తే, రేపు రంగు మారిన నీళ్లు వచ్చాయని ఎవరి గల్లా పట్టుకుంటారు? అందుకే నీళ్లలో పోటీ పైపు బయటే కనిపిస్తుంది, 20 లీటర్ల క్యాన్ల దగ్గర, ట్యాంకర్ల దగ్గర. వాటి రేటును లీటర్ల లెక్కన నల్లా బిల్లుతో పోల్చి చూడండి, పైపు విలువ తెలుస్తుంది.

ఇంత చెప్పాను కదా అని ఒక్కటే ఉంటే అంతా బాగుంటుందని కాదు. పోటీ లేనివాడు బద్ధకిస్తాడు, ఖర్చు ఎంతైతే అంత బిల్లులో వేసుకుంటాడు. పోటీ చేయాల్సిన పనిని రెగ్యులేటర్ చేయాలి, అంటే మన విద్యుత్ నియంత్రణ మండలి. కంపెనీ వచ్చే ఏడాదికి ఎంత కావాలో లెక్క దాఖలు చేస్తుంది, మండలి దాన్ని జనం ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకుని, ఒప్పుకున్న ఖర్చు మాత్రమే టారిఫ్‌లోకి రానిస్తుంది. పంపిణీ నష్టాలు ఇంత శాతం దాకా ఒప్పుకుంటాం అని మండలి గీత గీస్తే, అంతకు మించి పోయిన కరెంటు డబ్బు కంపెనీ జేబులోంచి పోవాలి. పద్ధతి మంచిదే. చెడేది ఎక్కడంటే, పెట్టిన పెట్టుబడి మీద ఇంత శాతం లాభం అని లెక్క కట్టినప్పుడు కంపెనీకి అవసరం లేని సబ్‌స్టేషన్ కట్టినా లాభమే. ఇది 1962లోనే అమెరికాలో ఎవర్చ్, జాన్సన్ అనే ఇద్దరు లెక్క కట్టి చూపించారు. ఇంకో చెడేది మనకు బాగా తెలిసినది, ఎన్నికల ముందు రేటు పెంచకుండా ఆపి నష్టాలు పోగుపెట్టడం. అప్పుడు కంపెనీ ముందు కోసేది మరమ్మతుల ఖర్చే. మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారుతున్నా ఎవరూ రావడం లేదంటే, ఫ్యూజు కట్టలో గేజి తీగ బదులు దొరికిన వైరు ముక్క చుట్టారంటే, అలా కోత పడిందని అనుకోవచ్చు.

మీరు చేయగలిగింది ఏమిటంటే, రెండో కంపెనీ కోసం ఎదురుచూడటం మానేసి ఈ ఒక్కదాన్ని లెక్క అడగండి. మీ సొంత సమస్య అయితే ముందు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి, తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. రెండూ చట్టం 42వ సెక్షన్ కింద పెట్టినవే, వకీలు అక్కర్లేదు. టారిఫ్ మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు రేటు తగ్గించండి అని ఒక్క వాక్యం రాసి పంపితే ఎవరూ పట్టించుకోరు. ఫలానా ఫీడర్‌లో నష్టం ఇంత శాతం ఎందుకుంది, పోయిన ఏడాది కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఒప్పుకున్న మరమ్మతుల డబ్బులో ఖర్చు పెట్టింది ఎంత అని అడిగితే, దానికి కంపెనీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. దక్షిణ కంపెనీ అంకెలు పక్కన పెట్టి అడిగితే ఇంకా మంచిది, కాకపోతే బావి మోటర్ల తేడా తీసేసి పోల్చండి, లేకపోతే ఆ ఒక్క సాకుతో తప్పించుకుంటారు.